ఆరో నెలలో శవాసనం వేస్తే కళ్ళు తిరిగాయి, యోగా మానెయ్యాలా?

బురుజు_పక్కిల్లు
ఉండేది కర్నూలు. 24వ వారం నడుస్తోంది, మొదటి కాన్పు. డాక్టరమ్మ "కొంచెం వ్యాయామం చేసుకో" అన్నది. ఏం చేయాలి, ఎంతసేపు అని అడిగేలోపే తర్వాతి పేషెంటు లోపలికి వచ్చేసింది. సరేలే అని గర్భిణుల యోగా వీడియో ఒకటి పెట్టుకుని మూడు రోజులు చేశాను. మూడో రోజు చివర్లో శవాసనం. వెల్లకిలా పడుకుని ఐదు నిమిషాలు అయిందో లేదో ఒళ్ళంతా చెమట, కడుపులో తిప్పడం, చెవుల్లో హోరు. పైన తిరిగే ఫ్యాను మసకగా కనిపించింది. భయపడి గోడ వైపు ఒత్తిగిల్లాను. రెండు నిమిషాల్లో ఏమీ జరగనట్టే సర్దుకుంది.

అత్తమ్మకు చెప్పడం నా తప్పే. చాప చుట్టి అటక మీద పెట్టేసింది, కాన్పు అయ్యేదాకా నడక కూడా వద్దంది. నంద్యాల నుంచి మా అమ్మేమో వంగి ఇల్లు తుడిస్తే కాన్పు సులువవుతుందని రోజూ ఫోన్లో చెప్తోంది. మా అపార్టుమెంట్లో ఈత కొలను కూడా ఉంది, అందులో దిగొచ్చా? అసలు నాకు జరిగింది ఏమిటి?

అనంత_అమ్మ
రక్తం తక్కువ ఉంటుంది చూడు. నాకూ అట్లే కళ్ళు తిరిగేవి. ఇనుము మాత్రలు వేసుకున్నాక పోయింది. ఖర్జూరం, దానిమ్మ బాగా తిను, వ్యాయామం తర్వాత చూసుకోవచ్చు.

కడప_కారందోసె
మా ఆవిడకు ఐదో నెల. ఇది చదివి నాకు చెమటలు పడుతున్నాయి, నేను కూర్చునే ఉన్నా.

లేబర్‌రూం_అక్క
నేను కాన్పుల వార్డులో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అనంత_అమ్మ చెప్పింది కొట్టిపారేసేది కాదు, రక్తం సంగతి తర్వాత అడుగుతా. కానీ ఈ అమ్మాయి రాసింది మళ్ళీ ఒకసారి చదవండి. నడుస్తుంటే తిరగలేదు, లేచి నిలబడితే తిరగలేదు. వెల్లకిలా పడుకుంటే తిరిగింది, పక్కకు ఒత్తిగిల్లితే పోయింది. అసలు విషయం అక్కడే ఉంది.

వెన్నెముకకు ఆనుకుని, కొంచెం కుడి పక్కగా, కాళ్ళ నుంచి గుండెకు రక్తం తీసుకెళ్ళే పెద్ద సిర ఉంటుంది. ఐదో నెల దాటాక గర్భసంచి బరువెక్కుతుంది. వెల్లకిలా పడుకుంటే ఆ బరువంతా సిర మీద పడుతుంది, నీళ్ళ పైపు మీద కాలు పెట్టినట్టు. గుండెకు చేరే రక్తం తగ్గితే గుండె పైకి పంపేదీ తగ్గుతుంది, బీపీ పడిపోతుంది. చెమట, వాంతి వచ్చినట్టుండటం, కళ్ళు మసకలు, అన్నీ దానివే. పక్కకు తిరగగానే బరువు జారిపోతుంది, దారి తెరుచుకుంటుంది. అందుకే నీకు రెండు నిమిషాల్లో తగ్గింది. ఎడమ పక్క ఇంకా మంచిది, సిర కుడి పక్కగా ఉంటుంది కాబట్టి.

ఇది అందరికీ రాదు. కొందరు ఏడో నెలలో కూడా కాసేపు వెల్లకిలా పడుకుని హాయిగా లేస్తారు. నీకు వచ్చింది కాబట్టి ఇక నుంచి ఆ భంగిమ నీకు వద్దు. దానికోసం యోగా మొత్తం మానేయక్కర్లేదు.

ఇప్పుడు నాలుగు ప్రశ్నలు. స్కాన్‌లో మాయ ఎక్కడుందని రాశారు? ఈమధ్య రక్తం మరక ఏమైనా కనిపించిందా? బీపీ ఎంత? హిమోగ్లోబిన్ ఎంత? ఇవి తెలియకుండా "చెయ్యి, పర్లేదు" అని నేను అనను.

బురుజు_పక్కిల్లు
అక్కా, ఫైలు తీసి చూసి రాస్తున్నా. మాయ పై భాగంలో, ముందు వైపు ఉందని రాశారు. మరకలు ఎప్పుడూ లేవు. బీపీ 110/70. హిమోగ్లోబిన్ 9.4. ఇనుము మాత్ర ఇచ్చారు, నిజం చెప్పాలంటే రోజు మార్చి రోజు వేసుకుంటున్నా, మలబద్ధకం అవుతోందని.

అనంత_అమ్మ
చూశారా, 9.4. నేను చెప్పలే?

లేబర్‌రూం_అక్క
చెప్పావు తల్లీ, ఒప్పుకుంటున్నా. 11 ఉండాలి. కానీ 9.4 అయితే నడక మానమని ఎవరూ అనరు. 7 కంటే తక్కువ ఉంటే అప్పుడు వ్యాయామం మాట పక్కన పెట్టి ముందు రక్తం సంగతి చూస్తారు. మాత్రను టీతో, కాఫీతో వేసుకోకు, ఒక గంట ఎడం ఉంచు. మలబద్ధకం ఎక్కువైతే మందు మార్చమని డాక్టరమ్మను అడుగు, నీ అంతట నువ్వు సగం చేయకు.

పద్మాసనం
నేను పదేళ్ళుగా యోగా నేర్పిస్తున్నా. అక్క చెప్పిన కారణం సరైనదే, మా క్లాసులో కూడా ఐదో నెల దాటాక శవాసనం ఎడమ పక్కకే. రెండు మోకాళ్ళ మధ్య ఒక దిండు, పొట్ట కింద మడిచిన దుప్పటి, తల కింద మెత్తటి దిండు. నేరుగా వెనక్కి వాలాలనిపిస్తే మూడు నాలుగు దిండ్లు మెట్లలా పేర్చి, ఛాతీ, తల పైకి ఉండేట్టు సగం కూర్చున్నట్టుగా వాలండి. ఆ వాలులో బరువు పూర్తిగా సిర మీద పడదు. కొందరు కుడి తుంటి కింద దిండు పెడతారు, అదీ పని చేస్తుంది.

వెల్లకిలా పడుకుని కాళ్ళు పైకెత్తేవి, గోడకు కాళ్ళు ఆనించి పడుకునేవి, బోర్లా పడుకునేవి ఇప్పుడు వదిలేయండి. నడుము మెలితిప్పేవి కూడా, పొట్ట నలిగేంతగా వద్దు, భుజాలు మాత్రం తిప్పితే చాలు. వాటి బదులు నాలుగు కాళ్ళ మీద మార్జాలాసనం. నడుము నొప్పికి దానికి మించింది లేదు. గోడ పక్కనే నిలబడి చేతులు చాచడం, కూర్చుని బద్ధకోణాసనం. ప్రాణాయామంలో అనులోమ విలోమం, కపాలభాతి నెమ్మదిగా చేయొచ్చు.

లేబర్‌రూం_అక్క
అన్నీ బాగా చెప్పి చివర్లో కపాలభాతి ఎందుకు పెట్టావమ్మా. పొట్టను కొట్టినట్టు లోపలికి లాగేది నెమ్మదిగా చేసినా అదే. భస్త్రిక కూడా వద్దు. ఊపిరి బిగబట్టేది ఏదీ వద్దు. అనులోమ విలోమం చేయి, మధ్యలో కుంభకం మాత్రం వద్దు.

పద్మాసనం
మా గురువుగారు ఒప్పుకునేవారు, అలాగే నేర్చుకున్నా. సరే, గర్భిణులకు అది తీసేస్తా. కానీ ఏడో నెల నుంచి మలాసనంలో, అంటే గొంతుకు కూర్చోవడం, రోజూ చేయిస్తా. బిడ్డ తల కిందికి దిగుతుంది, కాన్పు సులువవుతుంది.

లేబర్‌రూం_అక్క
కిటికీ ఊచ పట్టుకుని, మడమలు నేల మీద ఆనించి, కాసేపు గొంతుకు కూర్చోవడంలో తప్పు లేదు, ముందు వైపు ఎముక దగ్గర నొప్పి లేకపోతే, మాయ కింద లేకపోతే. కానీ దానివల్ల కాన్పు సులువవుతుందా అంటే నేను మాట ఇవ్వను. ఎన్ని వేల కాన్పులు చూసినా ఎవరు ఎప్పుడు ఎట్లా కంటారో ముందు చెప్పలేకపోయాను. బిడ్డ ఇంకా అడ్డంగానో ఎదురు కాళ్ళతోనో ఉంటే లోతుగా కూర్చోబెట్టొద్దని కొందరు ఫిజియోలు అంటారు, కొందరు పర్లేదంటారు.

పద్మాసనం
నా దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామందికి సులువుగానే అయింది.

లేబర్‌రూం_అక్క
నా దగ్గరికి వచ్చినవాళ్ళలో యోగా పేరు వినని వాళ్ళకూ చాలామందికి సులువుగానే అయింది. వదిలెయ్, ఇది మన ఇద్దరి మధ్య తేలేది కాదు.

జొన్నరొట్టె
ఇదంతా టౌను గోల. మా అవ్వ తొమ్మిదో నెలలో వేరుశెనక్కాయ పీకింది, సాయంత్రం బిందె ఎత్తుకుని ఇంటికొచ్చింది, రాత్రికి కనింది. ఎవరూ ఎడమ పక్కకు తిరగమనలే.

లేబర్‌రూం_అక్క
మీ అవ్వ చిన్నప్పటి నుంచి చేను పని చేసింది, ఒంటికి అలవాటు. అలవాటైన పనిని కొంచెం తగ్గించి కొనసాగించడం వేరు, ఆఫీసు కుర్చీలో కూర్చునే పిల్ల ఆరో నెలలో కొత్తగా మొదలుపెట్టడం వేరు. ఇంకోటి, కాన్పులో పోయినవాళ్ళ మనవళ్ళు వచ్చి ఇక్కడ రాయరు.

జొన్నరొట్టె
ఆ చివరి మాట తగిలింది. మా అవ్వ చెల్లెలు కాన్పులోనే పోయింది.

కడప_కారందోసె
బిందె అంటే గుర్తొచ్చింది. మా వీధిలో నీళ్ళ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాను మా ఆవిడే ఎత్తి స్టాండు మీద పెడుతోంది, నేను డ్యూటీలో ఉంటా. పర్లేదా?

లేబర్‌రూం_అక్క
నువ్వు ఇక్కడ జోకులేసే టైములో ఎత్తి పెట్టు నాయనా. 20 కిలోలు ఊపిరి బిగబట్టి ఎత్తాల్సిందే, ఆ బిగపట్టడమే వద్దన్నది. లేదంటే చిన్న కుళాయి క్యాను తీసుకుని కిందే పెట్టండి.

కడప_కారందోసె
అర్థమైంది సిస్టరక్కా. ఇప్పుడే ఎత్తి వచ్చా. నడుం పట్టింది.

సుంకేసుల_గాలి
వీడియో చూసి చేసేవాళ్ళు ఒకటి గమనించండి. ఆసనం అయ్యాక నేరుగా నడుం లేపి కూర్చోకండి. పక్కకు తిరిగి, పై చేత్తో నేలను నొక్కి, మోకాళ్ళ మీదికి వచ్చి లేవండి. నేను మొదట నేరుగా లేచేదాన్ని, లేచేటప్పుడు పొట్ట మధ్యలో బొడ్డు పైన ఒక గీతలా, గుడారంలా పైకి ఉబ్బేది. ఫిజియో దగ్గరికి వెళ్తే కడుపు కండరాలు రెండు పక్కలకూ విడిపోతున్నాయి, అలా ఉబ్బించే పని ఏదీ చేయొద్దంది. సిటప్స్, ప్లాంకులు అన్నీ ఆపించింది.

బురుజు_పక్కిల్లు
నాకూ మంచం మీద నుంచి లేచేటప్పుడు అలా ఉబ్బుతోంది. గ్యాస్ అనుకున్నా.

రెండు విషయాలు అడగాలి. రాత్రి నిద్రలో తెలియకుండా వెల్లకిలా తిరిగితే? నిన్నటి నుంచి మా ఆయన రెండు సార్లు లేచి నన్ను పక్కకు తోస్తున్నాడు, నాకు నిద్ర లేదు. ఇక నడక సంగతి. బయట ఎండ చూస్తున్నారుగా.

లేబర్‌రూం_అక్క
ఆయన్ను పడుకోమను. ఎడమ పక్కన పడుకుని నిద్ర పట్టించుకో, వీపు వెనకాల ఒక దిండు పెట్టుకో. మధ్యలో మెలకువ వచ్చి వెల్లకిలా ఉన్నావని తెలిస్తే మళ్ళీ పక్కకు తిరిగి పడుకో, అంతే. కుడి పక్కన కూడా పడుకోవచ్చు, ఎడమే అని రాత్రంతా మేలుకోకు.

పీటీ_మాస్టర్
నేను అనంతపురంలో హైస్కూలు పీటీ మాస్టరును. నా భార్య రెండు కాన్పులకూ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నడిచింది, నేనే పక్కన ఉన్నా. మన ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో ఏడు దాటితే బయట నడవొద్దు. 42 డిగ్రీల ఎండలో గర్భిణికి ఒళ్ళు వేడెక్కుతుంది, నీళ్ళు తగ్గితే పొట్ట బిగుసుకుంటుంది. తెల్లారి ఐదున్నరకు బయల్దేరితే ఆరున్నర లోపు ఇంటికి. సాయంత్రం ఏడు తర్వాత అంటారు గానీ రోడ్డు, గోడలు అప్పటికీ సెగలు కక్కుతుంటాయి.

ఇంతకుముందు నడవని వాళ్ళయితే మొదటి వారం పది నిమిషాలు చాలు. తర్వాత పదిహేను, ఇరవై, అలా అరగంట, వారంలో ఐదు రోజులు. అంటే వారానికి 150 నిమిషాలు, డాక్టర్లు చెప్పేదీ అంతే. వేగం కొలవడానికి వాచీ అక్కర్లేదు. నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి. పాట పాడేంత తీరికగా ఉంటే కొంచెం వేగం పెంచొచ్చు. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే తగ్గించాలి.

అనంత_అమ్మ
ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు మాస్టరూ, ఆ మాట మర్చిపోయారు. రెండు ఖర్జూరాలు, గ్లాసుడు నీళ్ళు. వచ్చాక ఉగ్గాని.

పీటీ_మాస్టర్
నిజమే. చెప్పులు కూడా. హవాయి చెప్పులతో వద్దు, వెనక పట్టీ ఉన్నవి. పొట్ట ముందుకు వచ్చాక బరువు ముందుకు పోతుంది, కీళ్ళు కూడా వదులవుతాయి, గుంత చూసుకోకపోతే మడమ మడతపడుతుంది. మా ఆవిడ ఎనిమిదో నెలలో కుక్కను తప్పించుకోబోయి పడేది, చేయి పట్టుకున్నా కాబట్టి సరిపోయింది.

ఈతరాని_చేప
ఈత గురించి ఎవరూ చెప్పలేదు. పేరు చూసి నవ్వకండి, నేను బెంగళూరులో ఉన్నప్పుడు ఏడో నెల వరకు కొలనులో దిగాను. నాకు ఈత రాదు. ఛాతీ లోతు నీళ్ళలో గట్టు పట్టుకుని ఇటూ అటూ ఇరవై నిమిషాలు నడిచేదాన్ని. బయట నడిస్తే నడుము నొప్పి, కాళ్ళ వాపు. నీళ్ళలో పొట్ట బరువే తెలిసేది కాదు, బయటికి వచ్చాక పాదాల మీద పట్టీల అచ్చులు కూడా తక్కువగా కనిపించేవి. ప్రమాదం నీళ్ళలో కాదు, గట్టు మీదుంది. తడి టైల్సు మీద జారడం, నిచ్చెన దిగేటప్పుడు. దూకొద్దు. నీళ్ళు వేడి చేసే కొలనైతే, దిగగానే వెచ్చగా అనిపిస్తే వద్దు.

ఈత వచ్చినవాళ్ళకు ఒక మాట. కప్పలా కాళ్ళు విదిలించే ఈతతో మా అక్కకు తొడల మధ్య ముందు ఎముక దగ్గర విపరీతమైన నొప్పి వచ్చింది. తర్వాత మంచం మీద పక్కకు తిరగడానికీ, ప్యాంటు వేసుకోవడానికి ఒంటి కాలి మీద నిలబడటానికీ కష్టమైంది. ఆ ఈత మానేసి, కూర్చుని బట్టలు వేసుకోవడం మొదలుపెట్టాక నెమ్మదించింది.

జొన్నరొట్టె
మా ఊరి దిగుడుబావిలో దిగొచ్చా మరి?

ఈతరాని_చేప
మెట్లకు పాచి, నీళ్ళలో ఏముందో తెలీదు. నువ్వు దిగు, గర్భిణి వద్దు.

రెడ్డెమ్మ_కోడలు
నా సంగతి వేరు. అక్క మొదట్లో మాయ గురించి అడిగింది చూడండి, నాకు అదే. ఐదో నెల స్కాన్‌లో మాయ కింద, గర్భసంచి ద్వారం దగ్గరగా ఉందన్నారు. నడక మామూలుగా చేసుకో, బరువులు వద్దు, మరక కనిపిస్తే అర్ధరాత్రైనా రా అన్నారు. పక్కింటావిడ నా ముందే గొంతుకు కూర్చుని చూపించి "చెయ్యి" అనేది. చేయలేదు. 32వ వారం స్కాన్‌లో మాయ పైకి జరిగిందన్నారు. అప్పుడే మళ్ళీ ధైర్యంగా నడిచాను.

లేబర్‌రూం_అక్క
ఐదో నెలలో కింద ఉన్నవి చాలావరకు అలాగే జరుగుతాయి. గర్భసంచి కింది భాగం సాగుతూ పెరుగుతుంది, మాయ దానితో పాటు పైకి పోయినట్టు అవుతుంది. కానీ ఏడో నెల దాటాక కూడా ద్వారాన్ని కప్పి ఉంటే వ్యాయామం ఆపాల్సిందే. గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేసినవాళ్ళు, ఉమ్మనీరు పోతున్నవాళ్ళు, బీపీ ఎక్కువై వాపు, తలనొప్పి ఉన్నవాళ్ళు, ఈ చర్చ చదివి ఏదీ మొదలుపెట్టొద్దు. ముందు మీ డాక్టరును అడగండి.

బురుజు_పక్కిల్లు
పది రోజుల తర్వాత వచ్చాను. తెల్లారి కేసీ కెనాల్ గట్టు మీద నడుస్తున్నా, మొదట పది నిమిషాలు, ఇప్పుడు ఇరవై. పక్కకు తిరిగి శవాసనం వేస్తున్నా, మళ్ళీ కళ్ళు తిరగలేదు. మాత్ర రోజూ వేసుకుంటున్నా.

కానీ నిన్న ఒక కొత్త భయం. లేవడం ఆలస్యమై ఏడింటికి బయల్దేరా, నీళ్ళు తీసుకెళ్ళడం మర్చిపోయా. తిరిగి వచ్చేటప్పుడు పొట్ట మొత్తం రాయిలా బిగుసుకుంది. నొప్పి లేదు. ఒకసారి, కాసేపటికి ఇంకోసారి. చెట్టు కింద కూర్చున్నా.

లేబర్‌రూం_అక్క
కూర్చుని నీళ్ళు తాగాక తగ్గిందా? ఎన్నిసార్లు వచ్చింది? కింద తడిగా అనిపించిందా?

బురుజు_పక్కిల్లు
మొత్తం మూడు సార్లు. ఒకావిడ నీళ్ళిచ్చింది, తాగి పది నిమిషాలు కూర్చున్నాక పోయింది. తడి లేదు. ఇంటికొచ్చాక మళ్ళీ రాలేదు.

లేబర్‌రూం_అక్క
ఆగితే, నీళ్ళు తాగితే తగ్గే బిగుతు చాలామందికి వస్తుంది, ఎండ, నీళ్ళు తాగకపోవడం కలిస్తే ఎక్కువ. మళ్ళీ వస్తే కూర్చుని గడియారం చూడు. గంటలో నాలుగు సార్ల కంటే ఎక్కువ వచ్చినా, పడుకున్నా తగ్గకపోయినా, నొప్పి తోడైనా, నడుములో పట్టినట్టు వచ్చి పోతున్నా ఇక్కడ రాయకు, ఆస్పత్రికి పో. రక్తం మరక, ఉమ్మనీరు, ఛాతీ నొప్పి, ఒక పిక్కలోనే నొప్పి, వాపు, వీటికీ అంతే. నీ వారాలకు అలాంటి బిగుతు నెలలు నిండకముందే వచ్చే కాన్పు నొప్పులు కావచ్చు, వాటిని ఆపే మందులకు గంటలు లెక్క. నిన్నటి సంగతి కూడా ఈసారి చెకప్‌లో చెప్పు, పోయింది కదా అని వదిలేయకు.

పీటీ_మాస్టర్
అందుకే ఏడు దాటితే వద్దన్నది.

బురుజు_పక్కిల్లు
తిట్టండి మాస్టరూ, తినాల్సిందే. నీళ్ళ సీసా చెప్పుల పక్కనే పెట్టా, కళ్ళకు కనిపించేట్టు. అమ్మకు కూడా చెప్పేశా, తడి నేల మీద వంగి తుడవడం వద్దని సిస్టరక్క అన్నదని. అక్క అనలేదు గానీ, అనేసినట్టు చెప్పా.

లేబర్‌రూం_అక్క
అనేదాన్నే. నాలుగు కాళ్ళ మీద ఉండటం మంచిదే, అదే మార్జాలాసనం. జారే తడి నేల మీద, అలసిపోయేదాకా ఎందుకు?

కడప_కారందోసె
చాప దిగిందా అటక మీద నుంచి?

బురుజు_పక్కిల్లు
దిగింది. అత్తమ్మే దింపింది, మేడ మీద దాని మీద వడియాలు పెట్టింది. నేను దుప్పటి మడిచి దాని మీద చేస్తున్నా. రేపటి నుంచి తను కూడా నడవడానికి వస్తానంటోంది. ఆమె వేగానికి నేను మాట్లాడలేను, అదొక్కటే టెన్షన్.